ఆవిరి మింగే ఇంజను, వెనక ఏమీ లేని ఇల్లు

సిడ్నీ పక్కన బ్లాక్‌టౌన్ దగ్గర ఒక పార్కులో ఒక ఇల్లుంది. ముందు చిన్న వరండా, కిటికీలకు పూల తెరలు, ఆకుపచ్చ తలుపు. ఆ తలుపు తట్టి తట్టి, ఎవరూ తీయలేదని గొణుక్కుంటూ పోయినవాళ్ళు చాలామంది. తీయడానికి లోపల ఎవరూ లేరు. అసలు లోపలే లేదు. తలుపు వెనక ఆకాశం, ఆకాశం కింద గొయ్యి, ఆ గోతిలో పట్టాలు.

ఆ ఇల్లు కట్టించింది మా చిన్నాన్న కూతురు శ్యామసుందరి. నేను చెప్పే కథల్లో సగానికి సగం తీసేసి వినాలని మా ఇంట్లో పసిపిల్లలకు కూడా తెలుసు. ఇందులో మాత్రం తీసెయ్యాల్సింది తక్కువ. అనుమానమున్నవాళ్ళు వెళ్ళి తలుపు తట్టుకోవచ్చు.

మా చిన్నాన్న బిట్రగుంట లోకోషెడ్డులో ఫైర్‌మన్, అంటే రైలింజన్లో బొగ్గు వేసేవాడు. తరవాత డ్రైవరయ్యాడు. నేను నెల్లూరు కాన్వెంటులో చదువుకుంటూ, సెలవులకు తెల్ల మేజోళ్ళతో బిట్రగుంట పోయేవాణ్ణి. దిగిన పూటే సుందరి నన్ను బొగ్గుకుప్ప ఎక్కించేది. మేజోళ్ళ సంగతి మా అమ్మ చూసుకునేది, నా వీపు మీద. ఆడపిల్ల షెడ్డులోకి రాకూడదని ఫోర్‌మన్ అరిస్తే, సుందరి షెడ్డు వెనక గోడ కన్నంలోంచి తల మాత్రం లోపల పెట్టి, "నేను రాలేదుగా, నా తలే వచ్చింది" అని ఈల వేసేది. అప్పుడు దానికి పదేళ్ళుంటాయేమో.

అప్పటి మొండితనమే ఇప్పటికీ. డిప్లొమా మెకానికల్‌లో చేరతానంది, చేరింది. క్లాసులో ఒక్కతే ఆడపిల్ల. యోగానంద్‌ని పెళ్ళి చేసుకుని ఆస్ట్రేలియా వచ్చాక, పంపులు తయారుచేసే వర్క్‌షాపులో ఇనుము చెక్కే లేతు మిషను మీద పనిచేస్తానంది, రిటైరయ్యేదాకా చేసింది. పెండిల్ హిల్‌లో వాళ్ళింటి గరాజులో కారు ఎప్పుడూ నిలబడలేదు. యోగానంద్ కారు ఎండకెండి వానకు తడిసింది. గరాజులో లేతు, డ్రిల్లు, రాగి రేకులు. ఒకరోజు వెళ్ళి చూద్దునుగదా, నా మోకాలంత ఎత్తు ఆవిరి ఇంజను! బొగ్గు వేస్తే మండుతుంది, నీళ్ళు పోస్తే మరుగుతుంది, పదిమంది పెద్దవాళ్ళను లాగుతుంది.

ఈ దేశంలో ఇలాంటివాళ్ళకు క్లబ్బులుంటాయి. పార్కులో బెత్తెడు వెడల్పు పట్టాలు వేసి, సొంతంగా చేసుకున్న ఇంజన్లు నడుపుతారు. ఆదివారం పిల్లలూ పెద్దలూ పెట్టెల మీద గుర్రమెక్కినట్టు కూర్చుని ఒక చుట్టు తిరిగొస్తారు. సుందరి అలాంటి క్లబ్బులో చేరబోయిన మొదటిరోజు, ఒక ముసలాయన మర్యాదగా, "టీ బల్ల అటువైపమ్మా" అని చూపించాడట. తక్కిన ఆడవాళ్ళు అక్కడే ఉన్నారు, టీ కాస్తూ. సుందరి వెళ్ళింది. కప్పులో టీ పోసుకుంది. కప్పు పట్టుకుని తిన్నగా షెడ్డులోకి నడిచి, ఆయన ఇంజను పిస్టన్‌లో ఆవిరి ఎక్కడ కారుతోందో చూపించింది.

ఆ ముసలాయనే గ్రెగ్, క్లబ్బు ప్రెసిడెంటు. రిటైరైన ప్లంబరు. మంచివాడే కానీ గొడవలంటే భయం. "సుందరి" అనడానికి నోరు తిరగక "సన్నీ" అంటాడు. సుందరి వెనకే నేనూ ఆ క్లబ్బులో చేరాను.

గొడవంతా సొరంగంతో మొదలయింది. పార్కులో పిల్లల ఆటస్థలానికి కొత్తగా నడకదారి వేస్తూ, ఆ దారి పట్టాలను దాటకూడదని, రైలే దారి కింద నుంచి పోవాలని ఊరి కౌన్సిల్ వాళ్ళు షరతు పెట్టారు. పట్టాలు ఒకటే చుట్టు. కాబట్టి ప్రతి రైలూ ప్రతి చుట్టులోనూ ఆ సొరంగంలోంచి పోవాల్సిందే.

సొరంగమంటే కొండలోకి తొలుచుకుంటూ పోవడం అనుకునేరు. పై నుంచి కాలవలాగా తవ్వడం, రెండు పక్కలా గోడలు కట్టడం, పైన కప్పు వేసి, మన్ను కప్పి, దారి మళ్ళీ పరవడం. లండన్‌లో ప్రపంచంలోనే మొట్టమొదటి భూగర్భ రైలుకు చేసింది సరిగ్గా ఇదే. అప్పటికి కరెంటు రైళ్ళు లేవు. ఊళ్ళో వీధులను పొడుగునా చీల్చి, ఇటుక గోడలు లేపి, ఇటుక కమానులు తిప్పి, కొన్నిచోట్ల ఇనప దూలాలు పరిచి, మళ్ళీ వీధిని మూసేశారు. పని సగంలో ఉండగా పక్కనే పోతున్న మురుగునీటి కాలవ పగిలి సొరంగంలోకి దూకింది. తోడి పోసి మళ్ళీ కట్టారు. మా క్లబ్బు తవ్వినప్పుడు పగిలింది మొక్కలకు నీళ్ళు పెట్టే గొట్టం మాత్రమే. గ్రెగ్ ప్లంబరు గనక బతికిపోయాం.

కప్పు వేయకముందే మీటింగు పెట్టారు. కొత్త సేఫ్టీ ఆఫీసరు సంజయ్ మాట్లాడాడు. ఈ సంజయ్ ద పాండ్స్ అనే పేటలో ఉంటాడు, ఖమ్మం కుర్రాడు. ఇక్కడే యూనివర్సిటీలో చదివి, ఇప్పుడు సిడ్నీ కింద తవ్వుతున్న మెట్రో సొరంగాల్లో గాలి ఆడించే లెక్కలు వేస్తుంటాడు. అంటే గాలీ పొగా విషయంలో క్లబ్బులో అతని మాటే మాట.

"సింపుల్," అన్నాడు. "సొరంగంలోకి బ్యాటరీ ఇంజన్లు మాత్రమే. బొగ్గు ఇంజన్లు వద్దు."

"పట్టాలు ఒకటే చుట్టు కదా నాయనా," అంది సుందరి తెలుగులోనే. "సొరంగంలోకి పోవద్దంటే యాడికి పోవాలి? షెడ్డులో కూర్చోబెట్టి పసుపూ కుంకుమా పెట్టాలా?"

"ఆంటీ, పర్సనల్‌గా తీసుకోవద్దు. ఇట్స్ అబౌట్ పిల్లలు. పెట్టెల మీద కూర్చునేది వాళ్ళు. పొగ వాళ్ళ ముక్కు లెవెల్‌లో ఉంటది."

"నీ మెట్రోకి తాతమ్మ ఉంది, తెలుసునా? అది నలభై ఏళ్ళు బొగ్గుతో నడిచింది, భూమి లోపల."

"నడిచింది, ఆంటీ. జనం దగ్గుకుంటా నడిచింది."

నాకు ఉండబట్టలేదు. మీటింగులో వయసులో పెద్దవాణ్ణి, నోరూ ఉంది. ఇంగ్లీషులో మొదలుపెట్టాను: అబద్ధాలాడేవాళ్ళు చచ్చాక చీకటి గుహలో గంధకం పొగ పీలుస్తూ పడుంటారని కాన్వెంటులో సిస్టరు చెప్పేదనీ, లండన్‌వాళ్ళు అదే శిక్షకు టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళేవాళ్ళనీ. సొరంగంలో పనిచేసేవాళ్ళు గడ్డాలు పెంచుకోనివ్వండి, పొగకు అడ్డంగా ఉంటాయి అని కంపెనీని అడిగారట. ఆ పొగ ఉబ్బసానికి మంచిదని కూడా చెప్పుకునేవారట. అందరూ నవ్వారు. సుందరి నా వైపు చూసిన చూపుకు నా గడ్డమే మాడిపోయేది.

"నువ్వు నా వైపా, వాళ్ళ వైపా అన్నయ్యా?"

"కథ వైపు," అన్నాను.

చివరికి గ్రెగ్ గొడవ తప్పించుకునే దారి వెతికాడు. కప్పు వేశాక సుందరికి ఒక పరీక్ష. సంజయ్ గాలిని కొలిచే మీటరు తెస్తాడు. సొరంగంలో విషవాయువు హద్దు దాటి మీటరు కూసిందా, ఆవిరి ఇంజన్లకు సొరంగం ఎప్పటికీ మూత. ఎప్పటికీ అంటే, ఆ క్లబ్బులో సుందరి ఇంజను ఇంకెప్పుడూ ఒక చుట్టు కూడా తిరగదన్నమాట.

"సరే," అంది సుందరి. "మోగించుకోండి మీ మీటరు."

ఆమె ధైర్యానికి కారణముంది. పాత లండన్ ఇంజన్లకు ఒక ఉపాయం ఉండేది. మామూలు ఇంజను ఛుక్‌ఛుక్‌మంటూ పనైపోయిన ఆవిరిని పొగగొట్టంలోంచి పైకి చిమ్ముతుంది. సొరంగం ఇంజనుకు ఒక తిప్పుడు కవాటం పెట్టారు. దాన్ని తిప్పితే ఆవిరి గొట్టంలోకి పోకుండా, ఇంజనుకు రెండు పక్కలా ఉన్న నీళ్ళ తొట్టెల్లోకి మళ్ళుతుంది. చన్నీళ్ళు తగిలి ఆవిరి మళ్ళీ నీళ్ళయిపోతుంది. మబ్బు లేదు, చప్పుడు లేదు. సుందరి అచ్చంగా అలాంటి ఇంజనే చేసింది. దాని పక్కన ఇత్తడి రేకు మీద తెలుగులో పేరు చెక్కింది: మొండి.

పొగ సంగతేమిటంటారా? దానికీ పాతవాళ్ళ పద్ధతే తీసుకుంది. వాళ్ళు మొదట్లో బొగ్గు కాల్చలేదు, కోక్ కాల్చారు. బొగ్గును ముందే కాల్చి పొగంతా వదిలించేసిన గట్టి గడ్డలు. కోక్ మండితే కంటికి పొగ కనబడదు.

పరీక్షరోజు మొండి బయలుదేరింది. వెనక పెట్టెలో సంజయ్, చేతిలో మీటరు. అతని వెనక నేను. సొరంగం నోట్లోకి వెళ్ళే ముందు సుందరి కవాటం తిప్పింది. అంతవరకూ ఛుక్‌ఛుక్‌మన్నది ఒక్కసారిగా నోరు మూసుకుంది. తొట్టెల్లోంచి బుడబుడ శబ్దం మాత్రం. లోపల చల్లటి చీకటి, గోడలకు పచ్చి సిమెంటు వాసన. ఆవిరి లేదు. పొగ లేదు. సుందరి వెనక్కి తిరిగి పళ్ళు మెరిపించింది.

"ఏంది సంజయ్, దగ్గొస్తా ఉందా?"

అప్పుడే మీటరు కూసింది. కూయడమంటే కూయడం కాదు, కీచుమని ఆపకుండా అరిచింది. సొరంగంలో ఆ కీచు నాలుగు పక్కలనుంచీ తిరిగొచ్చింది.

"ఆంటీ, పోనీండి, బయటికి పోనీండి! ఆపకండి!"

బయటపడ్డాం. సంజయ్ మొహంలో గెలుపు లేదు, కంగారు ఉంది. "కార్బన్ మోనాక్సైడ్, ఆంటీ. కనబడదు, వాసన రాదు. మీ తొట్టెల కండెన్సర్ ఆవిరిని మింగింది, మంట వదిలే గ్యాస్‌ని మింగలేదు. పైగా కోక్ మందంగా పరిచి, ఆవిరి గొట్టంలోకి పోవడం ఆపేసరికి మంటకు గాలి లాగేది లేదు. సగం సగం కాలింది. అదే ఆ గ్యాస్."

సుందరి అప్పటికే ఇంజను నీటిమట్టం చూపే గాజుగొట్టం వైపు చూస్తోంది. బాయిలర్లో నీళ్ళు తగ్గుతున్నాయి. ఇంజక్టరు తిప్పింది. ఇంజక్టరంటే బాయిలర్ ఆవిరితోనే తొట్టెలోని నీళ్ళను బాయిలర్లోకి తోసే చిన్న ఇత్తడి ముక్క. అది ఫుస్సుమని నీళ్ళు నేలమీద కక్కింది. మళ్ళీ తిప్పింది. మళ్ళీ కక్కింది. బాయిలర్లో నీళ్ళు అడుక్కి పోతే అది పేలుతుందని బిట్రగుంటలో పెరిగిన వాళ్ళకు చెప్పనక్కర్లేదు. సుందరి వెంటనే మంట కింద జాలీ లాగేసింది. ఎర్రటి మంటంతా పట్టాల మీద పడిపోయింది. అందరి ముందూ, మొండి చచ్చిన చేపలాగా నిలబడిపోయింది.

గ్రెగ్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు, ఎవరో పోయినట్టు. "నువ్వు బాగా ప్రయత్నించావు, సన్నీ."

ఆ మాటే కొంప ముంచింది. తిట్టినా ఊరుకునేదేమో గానీ, ఓదారిస్తే సుందరి ఊరుకోదు.

"నేనింకా మొదలే పెట్టలేదు, గ్రెగ్," అంది.

వారం రోజులు గరాజులోంచి బయటికి రాలేదు. యోగానంద్ ఫోన్ చేసి, "బావా, మీ చెల్లెలు తొట్టెలో చెయ్యి పెట్టి కూర్చుంది. భోజనానికి రమ్మంటే వేడి కొలుస్తున్నానంటది" అన్నాడు. వెళ్ళాను.

"ఏంది, నీళ్ళకు జ్వరమా?"

"అదే అన్నయ్యా, జ్వరమే." తల ఎత్తలేదు. "ఆవిరంతా తొట్టెల్లోకి పోయేసరికి తొట్టె నీళ్ళు కాగిపోయినయ్. ఇంజక్టరుకు చన్నీళ్ళు కావాల. లోపల ఆవిరి చల్లబడితేనే అది తోస్తది. వేడినీళ్ళు ఇస్తే కక్కుద్ది. మా నాయన ఇంజన్లకు ఈ బాధే లేదు, ఆవిరి తొట్టెలోకి పోదు గదా. నేను నాయన ఇంజనూ లండన్ ఇంజనూ కలిపి అంటగట్టినా."

"లండన్‌వాళ్ళేం చేశారు మరి?"

"పంపు పెట్టినారు. ఇరుసు తిరిగితే కొట్టే పంపు. పంపుకు నీళ్ళు కొంచెం వేడైనా పట్టింపు లేదు, తోస్తది. స్టేషన్లో ఆగినప్పుడు తొట్టెల్లో వేడినీళ్ళు వదిలేసి, చన్నీళ్ళు పట్టేవాళ్ళు." నవ్వింది. "ముప్పై ఏళ్ళు నేను పంపులే చేసినా గదా అన్నయ్యా. నా ఇంజనుకే పంపు పెట్టడం మరిచినా, చూడు."

పంపు సంగతి తేలింది. గ్యాస్ సంగతి తేలాలి. ఆ పని తనొక్కతే చేయలేనని సుందరికి తెలుసు. ఆదివారం పెసరట్లు వేసి, సంజయ్‌ని భోజనానికి పిలిచింది. శత్రువును ఇంటికి పిలిచి అల్లప్పచ్చడి పెట్టడం మా వంశాచారం. సంజయ్ పాపం అనుమానంగానే వచ్చాడు.

"రూల్ మార్చమని అడుగుతారేమో, ఆంటీ. నేను మార్చను."

"మార్చొద్దు. నువ్వు చెప్పింది నిజమే." అది విని సంజయ్ అట్టు తుంచడం ఆపేశాడు. "ఇప్పుడు చెప్పు, నీ మెట్రోలో గాలి ఎట్లా ఆడిస్తావు?"

అడిగింది అతనికి ఇష్టమైన సంగతి. చెయ్యి కడుక్కోకుండానే మొదలుపెట్టాడు. పెద్ద ఫ్యాన్లు ఉంటాయి కానీ, రైలు కూడా గాలిని తోస్తుంది. సిరంజిలో పిస్టన్ లాగా. రైలు ముందున్న గాలిని ముందుకు నెడుతుంది, వెనక కొత్త గాలిని లాగుతుంది. అందుకే ప్లాట్‌ఫామ్ మీద రైలు రాకముందే గాలి వస్తుంది. కానీ ఆ గాలి పోవడానికి ఎక్కడైనా దారి ఉండాలి. పొడుగాటి మూసిన సొరంగంలో దారి లేకపోతే, పాడైన గాలి అక్కడక్కడే తిరుగుతుంది.

"దారి," అంది సుందరి. "అదే. లండన్‌లో స్టేషన్ల మధ్య కొన్ని చోట్ల కప్పు వేయకుండా వదిలేసినారు. అక్కడికి రాగానే డ్రైవరు కవాటం తిప్పి ఆవిరి గొట్టంలోకి వదిలేవాడు. మంట మళ్ళీ గాలి లాగేది. పాడుగాలి ఆకాశంలోకి పోయేది. తరవాత చాలనప్పుడు వీధుల్లో కన్నాలు కూడా పెట్టినారు. మనం కూడా కప్పు మధ్యలో ఒక ముక్క తీసేస్తే?"

సంజయ్ ఆలోచించాడు. "సొరంగం రెండు ముక్కలు అవుతది. రెండిట్లోనూ తక్కువసేపు ఉంటారు. పిస్టన్ ఎఫెక్ట్‌కు దారి దొరుకుతది... ఆంటీ, ఇది వర్కవుట్ కావచ్చు. కానీ కోక్ వద్దు."

"కోక్ వద్దు. వాళ్ళూ తరవాత మానేసి మంచి బొగ్గుకే పోయినారు. ముందే బయట మండించి, పొగంతా పోయాక, పల్చటి ఎర్రమంటతో లోపలికి పోతా. లోపల ఒక గరిటె బొగ్గు కూడా వెయ్యను. మంట తలుపు కొంచెం తీసి పెడతా, పై నుంచి గాలి పోయి మిగిలింది కూడా కాలుద్ది."

సంజయ్ మూడో పెసరట్టు అడిగాడు. అక్కడే నాకు అర్థమైంది, అతను మా వైపు వచ్చేశాడని. అతను మాత్రం ఒప్పుకోలేదు. "నేను మీటరు వైపు, ఆంటీ," అన్నాడు.

ఇక మిగిలింది గ్రెగ్. కప్పులో ముక్క తీసేయడం అనగానే తల అడ్డంగా ఊపాడు. అది ఆటస్థలానికి ఎదురుగా ఉంటుంది. అక్కడ బావిలాంటి గొయ్యీ, ఇనప కంచే కనబడితే చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు కౌన్సిల్‌కు ఫిర్యాదు చేస్తారు. నడకదారి అందంగా ఉండాలని ప్లానులో రాసుంది.

"అందం కావాలా?" అంది సుందరి. "ఇల్లు కట్టిస్తా."

"ఏమిటీ?"

లండన్‌లో ఒక సంపన్నుల వీధిలో రైలు కోసం రెండిళ్ళు పడగొట్టి, ఆ జాగాలో ఇంజన్లు పొగ వదలడానికి కప్పు లేని గొయ్యి మిగిల్చారు. వీధి అందం చెడుతుందని, పక్క ఇళ్ళలాంటి ముందుగోడలే కట్టారు. తలుపులున్నాయి, తెరుచుకోవు. కిటికీలున్నాయి, అద్దాల బదులు రంగు. ఇప్పటికీ అలాగే నిలబడున్నాయి. సుందరి ఇదంతా చెప్పింది. గ్రెగ్ నమ్మకుండా నా వైపు తిరిగాడు.

"ఇది నీ కథల్లో ఒకటా, మేట్?"

జీవితంలో మొదటిసారి నేను నిజం పక్కన నిలబడి, నా మాట ఎవరూ నమ్మని బాధ అనుభవించాను. సంజయ్ ఫోన్‌లో ఫొటో చూపిస్తే గానీ గ్రెగ్ ఒప్పుకోలేదు.

అలా లేచింది ఇల్లు. గోతికి మూడు పక్కలా ఎత్తయిన కంచె, నాలుగో పక్క, ఆటస్థలం వైపు, ఈ గోడ. బ్లాక్‌టౌన్ పాత వీధుల్లో ఉండే చెక్క ఇళ్ళ ముందుభాగం లాంటిది. యోగానంద్ కిటికీల మీద తెరలు గీశాడు. ఆ తెరల వెనక పిల్లి నీడ కూడా గీశాడు, ఎవరడిగారో తెలియదు. ఆకుపచ్చ తలుపు సుందరి ఇంట్లో పాతది, కదలకుండా బిగించేసింది. నేను ఒక బోర్డు తగిలించాను, "అద్దెకివ్వబడును" అని ఇంగ్లీషులో, కింద గ్రెగ్ ఫోన్ నంబరు. అద్దెకు ఇల్లు దొరకని ఈ ఊళ్ళో ఆ బోర్డు బతికింది రెండు రోజులే గానీ, గ్రెగ్ ఫోను వారంపాటు మోగుతూనే ఉంది. పైకప్పు కారుతుందా అని అడిగినవాళ్ళకు, "పైకప్పే లేదు" అని నిజం చెప్పి తిట్లు తిన్నాడు.

రెండో పరీక్షకు క్లబ్బంతా వచ్చింది. బ్యాటరీ ఇంజన్లవాళ్ళు కుర్చీలు తెచ్చుకున్నారు, సినిమాకు వచ్చినట్టు.

"ఈసారి కూడా కూస్తే, సన్నీ," అన్నాడు గ్రెగ్, "ఇంక నన్నడగొద్దు."

"ఈసారి కూస్తే నేనే చెయ్యెత్తి ఓటు వేస్తా, సరేనా? కూయకపోతే నువ్వు ఎత్తాల, రెండు చేతులూ."

సంజయ్ ఈసారి మీటరు చేతిలో పట్టుకోలేదు. పిల్లల ముక్కు ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తులో పెట్టెకు కట్టాడు. నేను మళ్ళీ అతని వెనక కూర్చున్నాను. మంట మంచి ఎరుపు మీద ఉంది, పల్చగా, పొగ చుక్క లేకుండా. ఇరుసు పంపు టక్‌టక్‌మంటూ బాయిలర్‌కు నీళ్ళు తోస్తోంది. సొరంగం నోరు దగ్గరపడుతుంటే చూశాను, సుందరి చెయ్యి అలవాటుగా బొగ్గు గరిటె మీదికి పోయింది. రైలు ఎత్తు ఎక్కకముందే మంట నింపడం మా చిన్నాన్న చేతి అలవాటు, సుందరి చేతికీ అదే వచ్చింది. గరిటెను తాకి, ఆగి, వదిలేసింది. కవాటం తిప్పింది.

చీకటి. బుడబుడ. నా చూపంతా మీటరు చిన్న వెలుగు మీదే. ముందు గాలి మమ్మల్ని దాటి ఎటో పోతున్నట్టు అనిపించింది. సంజయ్ పిస్టన్ ఇదే అనుకున్నాను. అంకె పైకి పాకింది. పాకుతూనే ఉంది. సంజయ్ భుజాలు బిగుసుకున్నాయి. ఆంటీ అని నోరు తెరవబోయాడు.

వెలుగు పడింది. గోతిలోకి వచ్చేశాం, ఇంటి వెనక్కి. సుందరి కవాటం తిప్పింది. అంతసేపు అణచిపెట్టుకున్న ఆవిరంతా ఒక్కసారి ఛుక్కుమని గొట్టంలోంచి పైకి లేచింది, మంట గాలి లాగి గుప్పుమంది. అవతల ఆటస్థలంలో ఒక పిల్ల గొంతు ఇంగ్లీషులో, "మమ్మీ, ఆ ఇల్లు కాలిపోతోంది!" అని అరిచింది. అంకె దిగింది. జారినట్టు దిగింది. మళ్ళీ కవాటం, మళ్ళీ చీకటి, అంకె కొంచెం ఎక్కింది, ఈసారి సగంలోనే ఆగింది. అవతలి నోట్లోంచి ఎండలోకి వచ్చాం. మీటరు కూయలేదు.

"ఇంకో చుట్టు," అన్నాడు సంజయ్.

"నమ్మకం లేదా?"

"ఒక్క రీడింగ్ రీడింగ్ కాదు, ఆంటీ."

"నాలుగు తిరుగుదాం," అంది సుందరి. మధ్యలో ఆపి, తొట్టెల్లో కాగిన నీళ్ళు వదిలి, చన్నీళ్ళు పట్టించింది. ఎన్ని చుట్లు తిరిగామో నేను లెక్కపెట్టలేదు. ఆపమని అందరూ అరిచేదాకా తిరిగాం.

గ్రెగ్ రెండు చేతులూ ఎత్తాడు. అప్పుడు సంజయ్ నియమం చదివాడు: ఆవిరిని తొట్టెల్లోకి మళ్ళించే ఇంజన్లకే సొరంగంలోకి అనుమతి, లోపల బొగ్గు వేయరాదు, ప్రతి రైలుకూ మీటరు తప్పనిసరి, కూస్తే ఆరోజుకు ఆవిరి బంద్.

క్లబ్బులో ఆవిరి ఇంజనున్న మగవాళ్ళ మొహాలు చూడాలి. వాళ్ళలో ఒక్కడి ఇంజనుకీ ఆ తొట్టె ఏర్పాటు లేదు. ఒక్కొక్కరే సుందరి చుట్టూ చేరారు. ఆ కవాటం ఎక్కడ దొరుకుతుంది, పంపు ఎలా బిగిస్తారు, మా ఇంజనుకు కూడా చేసిపెడతావా, సన్నీ?

సుందరి చేతులు గుడ్డకు తుడుచుకుంది. "చేస్తా. గరాజులో ఒక్కొక్కరికే చోటు. లైన్లో రండి." గ్రెగ్ వైపు చూసి, అతను తనకు మొదటిరోజు చూపించిన దిక్కే చూపించింది. "అంతదాకా టీ బల్ల అటువైపు. నాకు చక్కెర వద్దు."

గ్రెగ్ వెళ్ళాడు. టీ తెచ్చాడు.

ఇప్పుడు ప్రతి ఆదివారం మొండి తిరుగుతుంది. ఇంటి వెనక ఆవిరి లేచినప్పుడల్లా ఎవరో ఒకరు పరిగెత్తుకొచ్చి ఆకుపచ్చ తలుపు బాదుతారు, లోపలివాళ్ళను కాపాడదామని. అప్పుడు సుందరి గోతిలోంచి ఈల వేస్తుంది. అది ఫోర్‌మన్‌ను ఏడిపించిన పదేళ్ళ పిల్ల ఈలే. నేను రాలేదుగా, నా ఆవిరే వచ్చింది అన్నట్టుంటుంది.